మేనరికాల వంశవృక్షానికి గ్రాంప్స్: రెండేళ్ల తరువాత

మా పెదతాత పెన్సిల్‌తో రాసిన వంశవృక్షం ఫోటోను బాబాయి ఫోనులో పంపారు. మొదట వాడిన ఒక యాప్‌లో తరానికొక వరుస, భార్యాభర్తలు పక్కపక్కనే. లక్ష్మయ్య పెళ్లాడింది అక్క సుబ్బమ్మ కూతురు సీతమ్మను. ఆమెను యాప్ భర్త వరుసలోకి లాగేసరికి తల్లీకూతుళ్లు అక్కాచెల్లెళ్లలా కనిపించారు. ఆ పటం చూసిన మేనత్త, "ఏమిట్రా ఇది, చెల్లెలిని చేసుకున్నాడా?" అంది. ఆ కోపంతోనే వంశవృక్షాలు గీసే గ్రాంప్స్ అనే ప్రోగ్రాముకు మారాను.

ఇందులో Relationship Graph అనే పటం ఉంది. మనిషికి ఒకటే పెట్టె, ఎన్ని బంధాలున్నా గీతలే పెరుగుతాయి. Use subgraphs అన్న గడిలో టిక్కు తీసేస్తే భార్యను భర్త పక్కకు లాగదు. సీతమ్మ తల్లి కిందనే ఉండి, లక్ష్మయ్య నుంచి పొడుగాటి గీత దిగింది. మేనత్త ఒప్పుకుంది.

అసలు చిక్కు కాగితంలోనే ఉంది. రామయ్య కింద ఒక వెంకయ్య, లక్ష్మయ్య కింద ఇంకొక వెంకయ్య. తాత పేరే ఇద్దరు అన్నదమ్ముల పిల్లలకూ పెట్టారనుకుని రెండు పెట్టెలు చేశాను. ఆరు నెలల తరువాత ఫోటోను పెద్దది చేసి చూస్తే, రామయ్య కింది పేరు పక్కన చిన్న "ద" కనిపించింది. మేనత్తను నేరుగా అడగకుండా, "తాత ఎవరి తద్దినం పెట్టేవాడు?" అన్నాను. "రామయ్యగారిదే, దత్తత వెళ్లాడుగా" అంది. మా తాతనే రెండు ముక్కలు చేశానన్నమాట! గ్రాంప్స్‌లో ఒకే మనిషిని రెండు కుటుంబాల్లో బిడ్డగా చేర్చవచ్చు. రామయ్య వైపు బంధాన్ని Adopted అని మార్చి, నాన్‌బర్త్, అంటే పుట్టుకతో రాని, బంధాలకు చుక్కల గీత ఎంచుకున్నాను. పటం చక్కగా కుదిరింది.

అప్పట్లో అందరికీ చెప్పాను, ఇంతకంటే ఏం కావాలని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. కాగితంలో కోటయ్య అనే బంధువు గీత ఇద్దరు అన్నదమ్ముల మధ్య చెరిగిపోయి ఉంది. ఒకరి కింద పెట్టి, బంధాన్ని Unknown అన్నాను. దానికీ అవే చుక్కలు! పెళ్లిలో పటం చూసి ఆయన మనవడు, "మా తాత కూడా దత్తతేనా?" అని అడిగాడు. ఫోటోను ఆధారంగా జోడించి, దాని నమ్మకాన్ని Low అని రాసినా, అది పటంలోకి రాదు. చివరికి పేరు పక్కనే ప్రశ్నార్థకం టైపు చేశాను. ఆయన మనవడికి అదీ నచ్చలేదు.

చేతిరాత చదివే పని ఇది చేయదు, పేర్లన్నీ నేనే కొట్టాను. మా వాళ్లు నలభైమూడు మందే, సాయంత్రాలు నాకు ఖాళీ, అడగడానికి మేనత్త ఉంది. మేనరికాలు లేని ఇంట్లో అయితే ఆ పాత యాప్‌తోనే సరిపెట్టుకునేవాడినేమో.