కాగితం బంగారమా, కడ్డీ బంగారమా: డెలివరీ అడిగితే చేతికి ఏది వస్తుంది?

‘ఒక ఔన్సు బంగారం మీద వంద మందికి హక్కు ఉంది’ అనే మాట ఆన్‌లైన్‌లో తరచూ తిరుగుతుంటుంది. న్యూయార్క్ కామెక్స్ ఎక్స్ఛేంజ్‌లో తెరిచి ఉన్న ఫ్యూచర్స్ కాంట్రాక్టుల్లోని, అంటే ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాల్లోని మొత్తం ఔన్సులను, అక్కడి వాల్టుల్లో డెలివరీకి సిద్ధంగా ఉన్న బంగారంతో భాగిస్తే ఇలాంటి అంకె వస్తుంది. సంఖ్య ఒక్కోసారి వంద, ఒక్కోసారి అంతకన్నా బాగా తక్కువ. అది చూసి చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నా ఉద్దేశంలో ఆ టెన్షన్ ఉండాల్సిందే, కానీ పడాల్సిన చోట పడటం లేదు. కాగితం మీద హక్కులు లోహాన్ని మించడానికి రెండు వేర్వేరు దారులున్నాయి. ఒక దారిలో డెలివరీ ఆలస్యం కావచ్చు, ఖరీదు కావచ్చు. రెండో దారిలో బంగారం మీది కాకుండానే పోవచ్చు.

పోల్చాల్సినవి మూడు: ఫ్యూచర్స్ కాంట్రాక్టు, బ్యాంకు దగ్గర ఏ కడ్డీ కేటాయించని అన్‌అలొకేటెడ్ ఖాతా, మీ పేరున విడిగా పెట్టిన అలొకేటెడ్ కడ్డీలు.

ఫ్యూచర్స్

కామెక్స్ ప్రధాన కాంట్రాక్టు 100 ట్రాయ్ ఔన్సులది, అంటే సుమారు 3.1 కిలోలు. ఒకరు కొంటామంటే, ఇంకొకరు అమ్ముతామంటే కాంట్రాక్టు పుడుతుంది. ఆ క్షణంలో బంగారం ఉండాల్సిన అవసరమే లేదు, ఇద్దరూ పూచీగా కట్టే మార్జిన్ డబ్బు ఉంటే చాలు. కాబట్టి తెరిచి ఉన్న కాంట్రాక్టుల మొత్తానికి, అంటే ఓపెన్ ఇంటరెస్ట్‌కు పైకప్పు లేదు. ప్రతి కొనుగోలుదారుకు ఎదురుగా ఒక అమ్మకందారు ఉంటాడు. ఇద్దరూ తమ పొజిషన్ మూసేస్తే కాంట్రాక్టు మాయమవుతుంది, ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. డిసెంబర్ కాంట్రాక్టులో 4 లక్షల కాంట్రాక్టులు తెరిచి ఉన్నాయి, అంటే 4 కోట్ల ఔన్సులు. వాల్టుల్లో ‘రిజిస్టర్డ్’ బంగారం, అంటే డెలివరీకి సిద్ధంగా ఉన్నది, కోటి ఔన్సులు. నాలుగుకు ఒకటి. నవంబర్ చివర్లో, డెలివరీ నోటీసులు మొదలయ్యే ఫస్ట్ నోటీస్ డే దగ్గర పడుతుంది. ఆ రోజు దాటాక కొనుగోలుదారు చేతిలో కాంట్రాక్టు మిగిలి ఉంటే డెలివరీ మెడకు చుట్టుకోవచ్చు, పూర్తి డబ్బు కట్టాలి. ధర కోసమే వచ్చినవాళ్లు, అంటే అత్యధికులు, అంతకుముందే మూసేస్తారు లేదా ఫిబ్రవరి నెలకు మారిపోతారు. చివరికి 20 వేల కాంట్రాక్టులు మిగిలాయనుకుందాం. అడిగేది 20 లక్షల ఔన్సులు, సిద్ధంగా ఉన్నది కోటి. మొదట చూసిన నాలుగుకు ఒకటి అనే నిష్పత్తి ఇక్కడ దేన్నీ చెప్పదు. ఫస్ట్ నోటీస్ డే నాటికి ఆ నెలలో మిగిలిన కాంట్రాక్టులను రిజిస్టర్డ్ నిల్వతో పోల్చి చూడాలి.

దానికి తోడు ‘ఎలిజిబుల్’ అని ఇంకో నిల్వ ఉంటుంది. కడ్డీ నాణ్యత సరిపోతుంది, అదే వాల్టులో ఉంది, కానీ యజమాని దాని మీద డెలివరీకి ఇచ్చే పత్రం, అంటే వారెంటు, తీయలేదు. ధర నచ్చితే తీస్తాడు, అప్పుడది రిజిస్టర్డ్‌లోకి మారుతుంది. అమ్మడం ఇష్టం లేని యజమాని తీయడు. అందుకని ఎలిజిబుల్ మొత్తాన్నీ లెక్కలో కలిపేసి ధైర్యంగా ఉండటం కూడా సరికాదు.

ఈ దారిలో అసలు ఇబ్బంది ఎలా వస్తుందో 2020 మార్చి చూపించింది. పెద్ద బ్యాంకులు న్యూయార్క్‌లో ఫ్యూచర్స్ అమ్మి, లండన్‌లో బంగారం పెట్టుకుంటాయి. కాగితం మీద అది భద్రమైన ఏర్పాటే. కానీ లండన్ కడ్డీ సుమారు 400 ఔన్సులది, పన్నెండున్నర కిలోలు. కామెక్స్ కాంట్రాక్టుకు 100 ఔన్సుల కడ్డీ గానీ, మూడు కిలో కడ్డీలు గానీ కావాలి. మామూలు రోజుల్లో లండన్ కడ్డీని స్విట్జర్లాండ్‌లో కరిగించి కిలో కడ్డీలు పోయించి, విమానంలో న్యూయార్క్ పంపిస్తారు. కోవిడ్ వల్ల ఇటలీ సరిహద్దులోని తిచీనోలో ఉన్న పెద్ద రిఫైనరీలు కొన్నాళ్లు మూతపడ్డాయి. ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. బంగారం లోకంలో ఎక్కడికీ పోలేదు, కావాల్సిన రూపంలో కావాల్సిన చోట మాత్రం లేదు. న్యూయార్క్ ఫ్యూచర్స్ ధర లండన్ ధర కన్నా ఔన్సుకు 70 డాలర్ల దాకా పైకి పోయింది. మామూలుగా ఈ తేడా రెండు మూడు డాలర్లు కూడా పెద్దదే. 400 ఔన్సుల కడ్డీలను కూడా వాడుకోగలిగేలా ఎక్స్ఛేంజ్ ఒక కొత్త కాంట్రాక్టు తెచ్చింది. అంత గొడవ తర్వాత, ఆ జూన్‌లో 50 వేలకు పైగా కాంట్రాక్టులు డెలివరీకి వెళ్లాయి, ఇచ్చేశారు. దెబ్బ తిన్నది అమ్మినవాళ్లు, బంగారం అడిగినవాళ్లు కాదు.

అయితే ఫ్యూచర్స్‌లో రెండు ముళ్లున్నాయి. మొదటిది ఎక్స్ఛేంజ్ అధికారం. 1980 జనవరి 21న వెండి విషయంలో కామెక్స్ ‘ఉన్న పొజిషన్లు మూసుకోవడమే తప్ప కొత్తవి తెరవడానికి వీల్లేదు’ అని ఆదేశించింది. లోహం కోసం ఒత్తిడి హద్దు దాటితే ఆట నిబంధనలే మారవచ్చు. రెండోది బ్రోకరు. డెలివరీ తీసుకుంటే మీకు ముందు వచ్చేది కడ్డీ కాదు, వాల్టులోని కడ్డీ మీద వారెంటు. అది బ్రోకరు ఖాతాలోనే ఉంటుంది. 2011 అక్టోబర్ 31న ఎమ్ఎఫ్ గ్లోబల్ అనే బ్రోకరు సంస్థ దివాలా తీసినప్పుడు, కడ్డీ నంబర్లతో రసీదులున్న కస్టమర్లను కూడా ట్రస్టీ మిగతావారితో కలిపి ఒకే కుప్పలో వేశారు. మొదట అందింది 72 శాతం మాత్రమే. పూర్తి సొమ్ము రావడానికి ఏళ్లు పట్టింది. డెలివరీ తీసుకున్నాక లోహాన్ని బ్రోకరు చేతిలోంచి బయటికి తెచ్చుకోకపోతే పని సగమే అయినట్టు.

అన్‌అలొకేటెడ్ ఖాతా

లండన్ మార్కెట్‌లో రోజువారీ వ్యాపారం ఎక్కువగా నడిచేది ఇందులోనే. బ్యాంకు మీ ఖాతాలో 1,000 ఔన్సులు అని రాస్తుంది. మీకు ఏ కడ్డీ కేటాయించదు. చట్టం దృష్టిలో మీరు బంగారానికి యజమాని కాదు, బ్యాంకుకు అప్పిచ్చినవారు. ఆ అప్పును ఔన్సుల్లో లెక్కపెడతారు, అంతే. బ్యాంకు ఆ లోహాన్ని తన వ్యాపారానికి వాడుకోవచ్చు, అప్పివ్వవచ్చు.

హక్కులు ఎలా పెరుగుతాయో ఒక్క కడ్డీ వెంట నడిచి చూస్తే తెలుస్తుంది. ఒక కేంద్ర బ్యాంకు 400 ఔన్సుల కడ్డీని బంగారం వ్యాపారం చేసే బులియన్ బ్యాంకుకు లీజుకిచ్చింది. బులియన్ బ్యాంకు దాన్ని ఒక రిఫైనరీకి అప్పిచ్చింది. రిఫైనరీ కరిగించి చిన్న కడ్డీలు పోసి అమ్మేసింది. చిన్న కడ్డీలు కొన్నవాళ్లది నిజమైన యాజమాన్యం. కేంద్ర బ్యాంకు పుస్తకాల్లో ‘బంగారం, బంగారం బకాయిలు’ అనే ఒకే పద్దులో ఆ 400 ఔన్సులు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఈలోగా బులియన్ బ్యాంకు, రిఫైనరీ తనకు తిరిగివ్వాల్సిన 400 ఔన్సుల భరోసాతో, ఒక ఇన్వెస్టరుకు 400 ఔన్సుల అన్‌అలొకేటెడ్ జమ అమ్మింది. లోహం 400 ఔన్సులు, దాన్ని తమదనుకునేవాళ్లు ముగ్గురు. ఇందులో మోసం లేదు. ప్రతి అడుగుకూ కాంట్రాక్టు ఉంది. కానీ కేంద్ర బ్యాంకు, ఇన్వెస్టరు ఇద్దరూ ఒకే వారంలో కడ్డీ అడిగితే, బులియన్ బ్యాంకు మార్కెట్లోకి వెళ్లి కొనాలి లేదా అద్దెకు తేవాలి.

అలా అందరూ ఒకేసారి అడిగితే ఏమవుతుందో 2025 మొదట్లో కొంత కనిపించింది. అమెరికా బంగారం మీద కూడా సుంకం వేస్తుందేమోనన్న భయంతో న్యూయార్క్ ధర లండన్‌ను మించింది. అందరూ లండన్ నుంచి లోహం తరలించడం మొదలుపెట్టారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాల్టు నుంచి బయటికి తీయడానికి మామూలుగా కొద్ది రోజులు పట్టేది, ఆ ఫిబ్రవరిలో వారాలకు చేరింది. లండన్‌లో బంగారం అద్దె, అంటే లీజు రేటు, సాధారణంగా సున్నాకు దగ్గరగా ఉండేది, ఒక్కసారిగా ఎగిసింది. కొన్ని నెలల్లో కామెక్స్ నిల్వలు రెట్టింపు దాటాయి. ఏప్రిల్ 2న ప్రకటించిన సుంకాల నుంచి బులియన్‌ను మినహాయించాక ఒత్తిడి తగ్గింది.

ఆ వారాల్లో లండన్ వాల్టుల్లో వేల టన్నుల బంగారం ఉంది. అందులో పెద్ద భాగం కేంద్ర బ్యాంకులది, ఈటీఎఫ్‌లది. వాటి యజమానులు అమ్మితే తప్ప ఎవరికీ రాదు. మిగిలిన కొద్ది లోహమే అన్‌అలొకేటెడ్ బాకీలు తీర్చడానికి పనికొచ్చేది. అందుకే ‘వాల్టులో అంత ఉందిగా’ అనే ఓదార్పు నాకు నచ్చదు. ఉన్నదెంత అని అడిగితే చాలదు, అందులో అమ్మకానికి ఉన్నదెంత అని కూడా అడగాలి. ఇబ్బంది వస్తోందని ముందుగా చెప్పే గుర్తు లీజు రేటు. దాని తర్వాతిది న్యూయార్క్, లండన్ ధరల తేడా.

ఇంకా ఘోరమైన సందర్భం బ్యాంకే మునగడం. అప్పుడు అన్‌అలొకేటెడ్ ఖాతాదారు పూచీ లేకుండా అప్పిచ్చినవాళ్ల వరుసలో నిలబడాలి. ఆ ఖాతాలో ఔన్సులని రాసి ఉన్నా మిగతావాళ్లతో పాటే వాటా.

అలొకేటెడ్ కడ్డీలు

ఇక్కడ హక్కులు లోహాన్ని మించవు, కనీసం మించకూడదు. ఫలానా రిఫైనర్, ఫలానా నంబరు, ఫలానా బరువు, ఫలానా శుద్ధత ఉన్న కడ్డీ మీది. వాల్టు నడిపేవాడు కేవలం కాపలాదారు. అతను దివాలా తీసినా, పత్రాలు సరిగా ఉంటే ఆ కడ్డీ అతని ఆస్తిలో కలవదు. దీనికి ఖర్చుంది: కొనేటప్పుడు ప్రీమియం, ఏటా నిల్వ, బీమా రుసుము. అన్‌అలొకేటెడ్ ఖాతాకు రుసుము తక్కువ, ఒక్కోసారి అసలు ఉండదు. మీ లోహాన్ని వాడుకునే హక్కు బ్యాంకుకు ఇచ్చినందుకే ఆ తగ్గింపు.

ఈటీఎఫ్ మధ్యలో ఉంటుంది. ఫండ్ బంగారం చాలావరకు అలొకేటెడే. కానీ చాలా పెద్ద ఫండ్లలో కడ్డీలు బయటికి తీసే అధికారం ఫండ్‌తో నేరుగా లావాదేవీలు చేసే పెద్ద సంస్థలకే, అంటే ఆథరైజ్డ్ పార్టిసిపెంట్లకే ఉంటుంది, చిన్న యూనిట్‌దారుకు కాదు.

ధర మీద పందెం కాయాలనుకుంటే ఫ్యూచర్స్ మేలు. అక్కడ హక్కులు ఎక్కువున్నా డెలివరీ నెలలో ఎన్ని కాంట్రాక్టులు మిగిలాయో రోజూ కనిపిస్తుంది. నెలకోసారి కొని అమ్మే వ్యాపారికి అన్‌అలొకేటెడ్ ఖాతా సౌకర్యమే, తప్పుపట్టను. కష్టకాలం కోసం దాచుకునేవారికి మాత్రం అది తప్పు ఎంపిక, ఎందుకంటే కష్టకాలంలోనే అది కాగితంగా మిగిలిపోతుంది. వాళ్లకు అలొకేటెడే కావాలి, రుసుము కట్టైనా.

మీ దగ్గర ఇప్పటికే ఖాతా ఉంటే ఒప్పందంలో మూడు విషయాలు వెతకండి. కడ్డీల జాబితా మీ పేరున ఇస్తారా? మీ బంగారాన్ని సంస్థ అప్పివ్వవచ్చని గానీ వాడుకోవచ్చని గానీ రాసి ఉందా? భౌతిక డెలివరీకి బదులు నగదు చెల్లించే హక్కు సంస్థ తన దగ్గరే పెట్టుకుందా? మొదటిదానికి జవాబు లేదనైనా, చివరి రెండిట్లో ఏ ఒక్కదానికి జవాబు అవునైనా, పైన ‘అలొకేటెడ్’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నా దాన్ని అన్‌అలొకేటెడ్‌గానే లెక్కేయండి. ఆ తర్వాత ఒక చిన్న మొత్తానికి నిజంగానే డెలివరీ అడిగి, ఎన్ని రోజులు పట్టిందో, వచ్చిన కడ్డీ నంబరు జాబితాలోని నంబరుతో కలిసిందో లేదో చూడండి.