వాల్యూమ్ నాబ్‌కి ఏ పాట్ వేయాలి: A రకమా, B రకమా?

కావలిలో మా వీధి రామాలయం ఆంప్లిఫయర్‌కి వాల్యూమ్ పాట్, అంటే నాబ్ తిప్పితే నిరోధం మారే భాగం, పాడైతే, చేతికి దొరికిందని B100K వేసేశాను. మర్నాడు తెల్లవారుజామున నాబ్ కాస్త కదిపానో లేదో, వీధంతా మోగిపోయింది. ఆ తర్వాత ఎంత తిప్పినా పెద్ద తేడా లేదు.

B అంటే లీనియర్. నాబ్ పావు వంతు తిరిగేసరికి పావు వంతు వోల్టేజీ వచ్చేస్తుంది. అది పూర్తి స్థాయికి 12 డెసిబెల్స్ మాత్రమే తక్కువ. మన చెవికి శబ్దం సగమైందని అనిపించడానికే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. అందుకే చిన్న శబ్దాలన్నీ ఆ మొదటి పావులోనే ఇరుక్కుపోతాయి.

చెవి ఎంత పెరిగిందో చూడదు, ఎన్ని రెట్లయిందో చూస్తుంది. డెసిబెల్ లెక్క కూడా అంతే: శక్తి 10 రెట్లయితే 10 కలుపుతాం, 100 రెట్లయితే 20. కంటిదీ దాదాపు ఇదే తీరు. నక్షత్రాల ప్రకాశంలో 5 తరగతుల తేడా అంటే వెలుగులో 100 రెట్లు. మరీ సన్నని శబ్దం, మరీ మసక వెలుగు దగ్గర మాత్రం ఈ సూత్రం తప్పుతుంది.

A రకం లాగరిథమిక్. నాబ్ సగంలో ఉన్నప్పుడు వోల్టేజీ 10 నుంచి 15 శాతమే ఉంటుంది కాబట్టి, తిప్పిన కొద్దీ శబ్దం సమంగా పెరిగినట్టు వినిపిస్తుంది. వాల్యూమ్‌కి నా ఓటు దీనికే. బ్యాలెన్స్ నాబ్‌కైతే B చాలు.

పాత యూరప్ సరుకులో ఈ అక్షరాలు తారుమారుగా ఉంటాయి. నాబ్‌ని మధ్యలో పెట్టి, మొదటి కాలికీ మధ్య కాలికీ మల్టీమీటర్ పెట్టండి. 100 కిలో ఓమ్‌ల పాట్‌లో 50 దగ్గర చూపిస్తే లీనియర్, 10–15 చూపిస్తే లాగరిథమిక్.