సాక్షిగా కోర్టుకు వెళ్లాలి: ఆఫీసులో ఏమని చెప్పాలి?

‘పర్సనల్ పని’ అని సెలవు పెట్టడం తేలికే. కానీ కేసు వాయిదా పడి, వచ్చే నెల మళ్లీ అదే కారణం రాస్తే మేనేజర్‌కు అనుమానం వస్తుంది.

అందుకే నేనైతే ఇలా మెయిల్ పెడతాను: “కోర్టు సమన్ల మేరకు 14న సాక్షిగా హాజరు కావాలి. ఆ రోజు సెలవు ఇవ్వగలరు. వాయిదా పడితే కొత్త తేదీ తెలియజేస్తాను.” ఇందులో ‘సాక్షిగా’ అన్న మాట వదలకూడదు. అది లేకపోతే కేసు మన మీదే అనుకుంటారు!

ఎవరి కేసు, ఏం చూశాం అన్నవి అక్కర్లేదు. సమన్లలో నిందితుడి పేరు, సెక్షన్లు ఉంటాయి కాబట్టి కాపీని టీమ్ గ్రూపులో పెట్టకండి. హెచ్‌ఆర్ రుజువు అడిగితే, వాంగ్మూలం అయ్యాక కోర్టు సిబ్బందిని హాజరు సర్టిఫికెట్ అడిగి తెచ్చివ్వచ్చు.