రివర్స్ బ్రెయిన్‌స్టార్మింగ్ ముందు, స్కాంపర్ తర్వాత: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కొత్త టీమ్‌ని "ఐడియాలు చెప్పండి" అని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. "ఈ పనిని పూర్తిగా చెడగొట్టాలంటే ఏం చేయాలి?" అని అడిగితే మాత్రం ఆపడం కష్టం. రివర్స్ బ్రెయిన్‌స్టార్మింగ్ అంటే ఇదే. తప్పు చెబుతానేమోనన్న భయం పోతుంది, ఎందుకంటే అడిగిందే తప్పులు. అందుకే కొత్తవాళ్లతో దీన్నే ముందు చేయిస్తాను.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఫారాన్ని చాలామంది సగంలో వదిలేస్తున్నారు. ప్రశ్నను తిరగేస్తాం: ఎవరూ ఫారం పూర్తి చేయకూడదంటే ఏం చేయాలి? పది నిమిషాలు ఎవరికివారు మాట్లాడకుండా చీటీల మీద రాస్తారు. అన్నీ మొదటి పేజీలోనే అడగాలి. ఒక్క తప్పు దొర్లితే నింపినవన్నీ చెరిగిపోవాలి. తప్పెక్కడో చెప్పకూడదు. ఇప్పుడు వీటిలో మనం ఇప్పటికే చేస్తున్నవి ఏవో గుర్తు పెట్టమంటాను. గదిలో నవ్వులు ఆగేది ఇక్కడే, అసలు కారణాలు బయటపడేదీ ఇక్కడే.

చాలా టీమ్‌లు తడబడేది ఆ తర్వాతి మెట్టు దగ్గర. "నింపినవి చెరిగిపోవాలి" అన్నదాన్ని "చెరిగిపోకూడదు" అని మార్చి పని అయిపోయిందనుకుంటారు. అది కోరిక మాత్రమే, ఐడియా కాదు. "చెరిగిపోకుండా ఉండాలంటే ఏం మార్చాలి?" అని ఇంకోసారి అడగాలి. అప్పుడు "ప్రతి గడి నింపగానే సేవ్ అవ్వాలి", "తప్పున్న గడి పక్కనే కారణం కనిపించాలి" లాంటివి వస్తాయి. రేపు ఎవరికైనా అప్పగించగలిగేలా ఉంటేనే ఐడియా అని లెక్క. ఇంకో జాగ్రత్త: చీటీల మీద పనులకు బదులు మనుషుల పేర్లు కనిపిస్తే ఆట ఫిర్యాదులవైపు మళ్లిందన్నమాట, అక్కడే ఆపేయాలి.

స్కాంపర్ వేరే రకం. ఉన్నదాన్ని ఎలా మార్చొచ్చో అడిగే ప్రశ్నల జాబితా ఇది. బ్రెయిన్‌స్టార్మింగ్‌కి ఆద్యుడైన అలెక్స్ ఆస్‌బోర్న్ ప్రశ్నల్ని బాబ్ ఎబర్లీ SCAMPER అనే ఇంగ్లిష్ మాటలోని ఏడు అక్షరాల్లో సర్దాడు: ఒకదాని బదులు ఇంకోటి పెట్టడం, కలపడం, వేరేచోటి పద్ధతిని మలుచుకోవడం, మార్చడం, వేరే పనికి వాడటం, తీసేయడం, వరస తిప్పడం. ఏడింటినీ వరసగా చేయించే శిక్షణలంటే నాకు విసుగు. నాలుగోదానికే టీమ్ నీరసపడుతుంది. మన ఫారానికి చివరి రెండూ చాలు. చిరునామా ఇప్పుడే అవసరమా? తీసేసి, ఏదైనా పంపాల్సి వచ్చినప్పుడు అడగొచ్చు. వరస తిప్పితే? సులువైన ప్రశ్నలు ముందుకు, పత్రాలు అప్‌లోడ్ చేయమనేవి చివరికి వెళ్తాయి. "వేరే పనికి వాడటం" కింద బలవంతాన రాయించినవి ఇలాంటి ఫారాల విషయంలో నాకెప్పుడూ పనికి రాలేదు.

స్కాంపర్‌కి చేతిలో ఒక వస్తువో పద్ధతో ముందే ఉండాలి. ఖాళీ కాగితం మీద అది నడవదు. జనం ఎందుకు వదిలేస్తున్నారో కూడా చెప్పదు. కారణం తెలియకుండా దీంతో మొదలుపెడితే, ఎవరికీ ఇబ్బంది లేని గడుల్ని అందంగా మార్చుకుంటూ కూర్చుంటారు.