సాఫ్ట్ క్లోజ్ ఛానళ్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత సందుల లెక్క

కాకినాడలో మా వంటగది స్టవ్ పక్కన మూడు సొరుగులున్నాయి. పైదానిలో గరిటెలు, చెంచాలు. నడిమిదానిలో పోపు సామాను, పప్పుల డబ్బాలు. అడుగున కుక్కరు, ఇడ్లీ పాత్ర, ఇనుప పెనం. మూడింటికీ ఇరవై అంగుళాల సాఫ్ట్ క్లోజ్ టెలిస్కోపిక్ ఛానళ్లే, అంటే సొరుగు ముందుకీ వెనక్కీ జారే పట్టాలు, పక్కలకు బిగించే రకం. నాలుగేళ్లు దాటింది. ఛానళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. సొరుగు మూసుకునే చివరి రెండు అంగుళాల దగ్గర ఇప్పటికీ అందుకుని, చప్పుడు లేకుండా లోపలికి లాక్కుంటాయి. అయితే సొరుగుల ముందు పలకల మధ్య సందు సమానంగా నిలవడమన్నది వేరే సంగతి. ఎంత ఖరీదైన ఛానల్ కొన్నా అది బిగింపును బట్టే ఉంటుంది.

మొదట కొలతలు. సొరుగులు కూర్చునే మా అర బయటి వెడల్పు 600 మిల్లీమీటర్లు, ప్లైవుడ్ మందం 18, కాబట్టి లోపల 564. ఈ రకం ఛానల్ ఒక్కో పక్క ఇంచుమించు 13 మిల్లీమీటర్లు తీసుకుంటుంది. అంటే సొరుగు పెట్టె బయటి వెడల్పు 538 ఉండాలి. పెట్టె ఒక మిల్లీమీటరు ఎక్కువైనా ఛానల్ బిగుసుకుపోతుంది, సాఫ్ట్ క్లోజ్ స్ప్రింగుకు దాన్ని లాగే బలం చాలదు, సొరుగు వేలెడు దూరంలో ఆగిపోతుంది. తక్కువైతే బాగుచేయడం తేలిక. మా నడిమి పెట్టె 536 వచ్చింది. ఒక్కో పక్క ఛానల్ వెనుక ఒక మిల్లీమీటరు మందం సన్‌మైకా ముక్క పెడితే సరిపోయింది. వదులుగా ఉన్నా నడుస్తుందిలే అని వదిలేస్తే మాత్రం బాల్ బేరింగులు ఒక వైపుకు ఒరిగి, సొరుగు లాగినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు ముందు పలక సందులో కనిపిస్తుంది. లోపలి వెడల్పును అర ముందు భాగంలోనే కాక వెనుక కూడా కొలవాలి. పక్క చెక్క మధ్యలో ఉబ్బితే ముందు 564, లోపల 562 రావడం మామూలే. అర సరైన మూలమట్టంలో ఉందో లేదో తెలియాలంటే ఐమూలగా రెండు వైపులా టేపు పెట్టి, రెండు కొలతలూ సమానమో కాదో చూస్తే చాలు.

ఛానల్ ఎత్తు విషయంలో టేపు కొలతను, పెన్సిలు గీతను నేను నమ్మను. మా వడ్రంగి మేస్త్రి పద్ధతి బాగుంది. పై సొరుగు ఛానల్ ఎంత ఎత్తులో రావాలో అంత ఎత్తు ప్లైవుడ్ ముక్క ఒకటి కోశాడు. దాన్ని అర అడుగున నిలబెట్టి, దాని మీద ఛానల్ ఆనించి ఒక పక్క బిగించాడు. అదే ముక్కను రెండో పక్కకు మార్చాడు. తర్వాత ఆ ముక్కనే నడిమి సొరుగుకు తగ్గట్టు కోసి తగ్గించాడు, ఆ తర్వాత అడుగుదానికి. రెండు పక్కలకూ ఒకటే ముక్క కాబట్టి ఎత్తులో తేడా రావడానికి దారే లేదు. ముందువైపు ఛానల్ కొన అర అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. అంచుతో సమానంగా పెడితే ఛానల్ పూర్తిగా మూసుకోకముందే ముందు పలక అరకు తగులుతుంది. అప్పుడు సాఫ్ట్ క్లోజ్ తన చివరి అడుగు వేయలేదు.

ఇక అసలు కిటుకు. ఛానల్ మీద రెండు రకాల రంధ్రాలుంటాయి, కోలగా ఉన్నవీ గుండ్రంగా ఉన్నవీ. కోలవి సర్దుబాటుకు, గుండ్రటివి స్థిరంగా నిలపడానికి. మొదట కోల రంధ్రాల్లోనే స్క్రూలు వేసి, సొరుగు పెట్టి, సందులు చూసుకుని, అంతా కుదిరాక గుండ్రటి రంధ్రాల్లో స్క్రూ వేసి ముగించాలి. చాలా ఇళ్లలో ఈ ముగింపే జరగదు. మా అడుగు సొరుగుకూ అదే అయింది. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే కుదరడంతో మేస్త్రి కోల రంధ్రాలతోనే ఆపేశాడు. ఏడాది తిరిగేసరికి దాని పై సందు కుడివైపు ఒక మిల్లీమీటరు పెరిగింది. బరువంతా ఆ పక్కనే, కుక్కరు దగ్గర. ఛానల్ స్క్రూ కింద కొద్దికొద్దిగా జారింది. సొరుగు బయటికి తీసి, ఛానల్‌ను మళ్లీ ఎత్తి, గుండ్రటి రంధ్రాల్లో రెండు స్క్రూలు వేశాక మళ్లీ కదల్లేదు. స్క్రూ 16 మిల్లీమీటర్ల పొడవు చాలు. 18 మిల్లీమీటర్ల చెక్క అవతలికి రాదు. తల పలచగా ఉండాలి, లేకపోతే మధ్య పట్టీకి రాసుకుని గరగరమంటుంది.

ముందు పలకలు బిగించడం చివర. పలక వెడల్పు 597 పెట్టాం, అటూ ఇటూ ఒకటిన్నర మిల్లీమీటరు మిగిలేలా. పలకకూ పలకకూ మధ్య మూడు. ఆ మూడు మిల్లీమీటర్లకు పాత ఏటీఎం కార్డులు వాడాం. ఒక్కో కార్డు మందం 0.76 కాబట్టి నాలుగు పెడితే ఇంచుమించు మూడు వస్తుంది. అడుగు పలకతో మొదలుపెట్టి, దాని మీద కార్డులు పేర్చి, రెండు వైపులా అంటుకునే టేపుతో పై పలకను పెట్టెకు అతికించాలి. తర్వాత సొరుగు జాగ్రత్తగా లాగి లోపలి నుంచి స్క్రూలు వేయాలి. పెట్టె ముందు చెక్కలో రంధ్రాన్ని స్క్రూ కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా తొలిచి వాషర్ వేయించాను. దానివల్ల తర్వాత ఎప్పుడైనా స్క్రూ వదులు చేసి పలకను పక్కకు జరుపుకోవచ్చు.

ఇంతకాలం వాడాక సందు ఆకారాన్ని చూస్తేనే తప్పెక్కడో చెప్పవచ్చనిపిస్తోంది. సందు ఒక కొనన రెండు, మరో కొనన నాలుగు ఉందంటే ఏదో ఒరిగింది. పెట్టె అంచు మీద స్పిరిట్ లెవెల్ పెట్టండి. పెట్టె సమంగా ఉంటే పలకే తిరిగింది, లేకుంటే ఛానళ్ల ఎత్తులో తేడా ఉంది. సందు అంతటా సమానమే కానీ పక్క సందులు తేడాగా ఉంటే పలకను పక్కకు జరిపితే చాలు. సొరుగు మూసినప్పుడు పలక ఒక మూల బయటికి పొడుచుకొస్తే ఛానళ్ల లోతు సమానంగా లేదు, ఒక వైపు సొరుగు వేగాన్ని తగ్గించే డ్యాంపర్ ముందే పట్టుకుంటోంది. ఖాళీగా ఉన్నప్పుడు బాగుండి, బరువు పెడితేనే సందు మారితే కోల రంధ్రాల సంగతి చూడాలి. ఈ తేడాలు తెలియక చాలామంది అన్నిటికీ ముందు పలక స్క్రూలే తిప్పుతుంటారు. ఒరిగిన పెట్టె మీద పలకను సరిచేస్తే చూడటానికి బాగానే ఉంటుంది కానీ సొరుగు లోపల రాసుకుంటూనే ఉంటుంది.

సొరుగు తీయడానికి పూర్తిగా లాగి, రెండు పక్కలా ఉన్న నల్లటి ప్లాస్టిక్ మీటలను నొక్కాలి. ఒక పక్క పైకి, మరో పక్క కిందికి. రెండింటినీ ఒకే దిక్కుకు నొక్కి లాగితే మీట విరుగుతుంది.

లోపాల మాటకొస్తే, అడుగు సొరుగు నిండా బరువుంటే గట్టిగా తోసినప్పుడు డ్యాంపర్ ఆపలేదు, ధన్‌మంటుంది. ఛానల్ బరువు మోస్తుంది, వేగాన్ని మాత్రం కొంతవరకే అదుపు చేస్తుంది. గోధుమపిండి బేరింగుల గ్రీజుకు అంటుకుని ముద్దకడుతుంది. మేం పొడి బ్రష్షుతో తుడుస్తాం, నూనె మాత్రం వేయం. సముద్రపు గాలికి స్క్రూ తలలు కొన్ని తుప్పుపట్టాయి, ఛానళ్లు పట్టలేదు.

సొరుగు అడుగున దాగే ఛానళ్లకు పలకను ఎత్తడానికి, దించడానికి చక్రాలుంటాయి, స్క్రూలతో కుస్తీ ఉండదు. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ. పైగా పెట్టె కొలతలు మొదటి నుంచీ దానికి తగ్గట్టు ఉండాలి, ఉన్న సొరుగులకు తర్వాత మార్చుకోవడం కష్టం. మూడడుగుల వెడల్పు సొరుగైతే నేను అవే వేయిస్తాను. రెండడుగుల దానికి ఇవి చాలు.