ఆర్గనైజేషన్ చార్ట్ బొమ్మను జాబితాగా మార్చడం: టెసరాక్ట్‌తో రెండేళ్ల అనుభవం

అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. మా సెక్షన్‌లో ఉన్న సీనియర్ అసిస్టెంట్‌కు చూపు లేదు. నేను ఆయన్ను అన్నా అని పిలుస్తాను. ఫైళ్లన్నీ ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చదువుతుంటే వింటూ పని చేస్తారు. ఏ పని ఎవరికి పంపాలో, ఎవరి పైన ఎవరున్నారో మా అందరికన్నా ఆయనకే ఎక్కువ అవసరం. బదిలీలు జరిగిన ప్రతిసారీ కొత్త చార్ట్ వస్తుంది, అదీ బొమ్మగానే వస్తుంది. బొమ్మ దగ్గర స్క్రీన్ రీడర్ చదవడానికి ఏమీ ఉండదు. అందుకే చార్ట్‌లోని ప్రతి గడిని పేరు, హోదాతో సహా ఒక్కో వరుసగా రాసి, కింది ఉద్యోగులను లోపలికి జరిపి ఇచ్చే పని నేను తీసుకున్నాను. అక్షరాలు చదివించడానికి టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. రెండేళ్లు దాటింది కాబట్టి అది ఎంతవరకు నమ్మదగినదో ఇప్పుడు చెప్పగలను.

ముందుగా ఒక మాట. చార్ట్ పవర్‌పాయింట్‌లో స్మార్ట్‌ఆర్ట్‌తో గీసిందైతే బొమ్మతో కుస్తీ పట్టనక్కర్లేదు. అసలు ఫైల్ అడిగి తీసుకుని, అందులో చార్ట్‌ను సెలెక్ట్ చేసి Convert to Text నొక్కితే ఎవరి కింద ఎవరో తెలిసేలా జాబితా వచ్చేస్తుంది. మొదటి ఆరు నెలలు నాకిది తెలియదు. ఇప్పుడు ఎవరైనా బొమ్మ పంపితే ముందు ఫోన్ చేసి అసలు ఫైల్ ఉందా అని అడుగుతాను. లేదంటేనే టెసరాక్ట్ తెరుస్తాను.

దాని గురించి అందరికన్నా ముందు తెలుసుకోవాల్సింది, అది పేజీని పుస్తకం చదివినట్టే ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుందని. చార్ట్‌లో పక్కపక్కన మూడు గడులు ఉంటే చాలాసార్లు మొదటి గడి పూర్తిగా చదివి రెండో దానికి పోదు. మూడు గడుల్లోని పేర్లను ఒక వరుసగా, మూడు హోదాలను కింది వరుసగా ఇస్తుంది. అన్ని గడుల్లోనూ పేరు ఉంటే మొదటి పేరుకు మొదటి హోదా అని సర్దుకోవచ్చు. ఖాళీ పోస్టు ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది.

నాకు అలాగే తప్పింది. పేర్లు మార్చి చెబుతున్నాను. ఆ చార్ట్‌లో మూడు సబ్ డివిజన్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ కింద అసిస్టెంట్ ఇంజనీర్ల గడులు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. ఈ అసిస్టెంట్ ఇంజనీర్ల గడుల్లో రెండో అంతస్తులో ఉన్నవి రెండే. హనుమంతు కింద ఉన్న గడిలో హోదా మాత్రమే ఉంది, పేరు లేదు, ఎందుకంటే ఆ పోస్టు ఖాళీ. సరస్వతి కింద ఉన్న గడిలో చాంద్ బాషా పేరు, హోదా రెండూ ఉన్నాయి. టెసరాక్ట్ ఒక వరుసలో ‘చాంద్ బాషా’ అని, కింది వరుసలో ‘అసిస్టెంట్ ఇంజనీర్ అసిస్టెంట్ ఇంజనీర్’ అని ఇచ్చింది. నేను మొదటి పేరును మొదటి హోదాకు కలిపేశాను. చాంద్ బాషా హనుమంతు కిందికి వెళ్లాడు, ఖాళీ పోస్టు సరస్వతి కిందికి వచ్చింది. అక్షరాల్లో ఒక్క తప్పు కూడా లేదు కాబట్టి చదివి చూసినా అనుమానం రాలేదు. వారం తర్వాత అన్న పిలిచి, “ఏమప్పా, చాంద్ బాషా హనుమంతు సార్ కింద లేడంట కదా, నేను అక్కడికి ఫోన్ చేసి అడిగితే” అన్నారు. ఆయన నా జాబితా తప్ప ఇంకేదీ చూసుకోలేరు. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

ఆ తర్వాత వరుసలుగా వచ్చే టెక్స్ట్‌ను నమ్మడం మానేశాను. ఇప్పుడు ఇలా నడుపుతాను.

```
tesseract chart.png out -l tel+eng --psm 11 tsv
```

ఇందులో `--psm 11` అంటే ఇది పేరాలుగా ఉన్న పేజీ కాదు, అక్కడక్కడా చెదిరి ఉన్న మాటలను వెతుకు అని చెప్పడం. చివర `tsv` అని పెడితే ప్రతి మాట పక్కన అది బొమ్మలో ఎక్కడ ఉందో పిక్సెళ్లలో వస్తుంది. ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు నేరుగా డబుల్ క్లిక్ చేయకుండా Data మెనూలోంచి తీసుకుని 65001 UTF-8 ఎంచుకోవాలి. లేకపోతే తెలుగు అక్షరాలు పాడైపోతాయి. ఆ పట్టికలో నాకు కావాల్సినవి నాలుగే నిలువు వరుసలు. పైన చెప్పిన రెండు గడులకు అవి దాదాపు ఇలా ఉంటాయి.

```
left   top   width   text
395    905   150     అసిస్టెంట్
560    905   120     ఇంజనీర్
1062   862   75      చాంద్
1152   862   80      బాషా
1005   905   150     అసిస్టెంట్
1170   905   120     ఇంజనీర్
```

గడిలో మాటలను సాధారణంగా మధ్యకు పెడతారు. కాబట్టి పేరు మధ్య బిందువు, హోదా మధ్య బిందువు దాదాపు ఒకే చోట ఉండాలి. చాంద్ బాషా అన్న పేరు 1062 దగ్గర మొదలై 1232 దగ్గర ముగుస్తుంది, మధ్య 1147. రెండో హోదా 1005 నుంచి 1290 వరకు ఉంది, దాని మధ్య కూడా 1147 దాకా వస్తుంది. మొదటి హోదా మధ్య 537. ఇక సందేహమే లేదు, పేరు రెండో గడిదే. మొదటి గడికి పేరు లేదు కాబట్టి అది ఖాళీ పోస్టు. ఖాళీ పోస్టును కూడా జాబితాలో తప్పకుండా రాస్తాను. పైస్థాయి పోస్టు ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని వదిలేస్తే కింద ఉన్నవాళ్లంతా పక్కవాళ్ల కిందికి పోతారు.

ఇంతవరకు టెసరాక్ట్ బాగా సాయపడుతుంది. ఇక్కడి నుంచి పని మనదే. గడుల మధ్య గీతలను అది చదవదు. ఎవరి కింద ఎవరో చెప్పేది గీత మాత్రమే, ఎత్తు కాదు. మాట బొమ్మ పై అంచు నుంచి ఎంత కింద ఉందో `top` అంకె చెబుతుంది, మొదట్లో అది ఎంత ఎక్కువైతే అంత లోపలికి జరిపితే సరిపోతుందనుకున్నాను. రెండు చోట్ల అది పూర్తిగా తప్పు. ఒకటి, పైన చెప్పిన వేలాడే గడులు. ఒకదాని కింద ఒకటి ఉన్నా వాళ్లంతా ఒకే స్థాయి. ఎత్తును నమ్మితే ఒక అసిస్టెంట్ ఇంజనీర్ మరో అసిస్టెంట్ ఇంజనీర్‌కు కింది ఉద్యోగి అయిపోతాడు. రెండోది పక్క గడి. మా చార్ట్‌లో సూపరింటెండింగ్ ఇంజనీర్ నుంచి కిందికి దిగే గీతకు మధ్యలో, ఒక పక్కగా డిప్యూటీ సూపరింటెండింగ్ ఇంజనీర్ గడి ఉంది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ల గడులు దానికన్నా కింద ఉంటాయి. చూడగానే వాళ్లు ఆయన కింద ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ వాళ్ల గీత నేరుగా పైవరకు పోతుంది. కాబట్టి బొమ్మను ప్రింట్ తీసుకుని, ప్రతి గడి నుంచి పైకి పోయే గీతను పెన్సిల్‌తో నడిపి, అది ఆగిన గడి పేరు పక్కన రాసుకుంటాను. జాబితా ఆ కాగితం నుంచే తయారవుతుంది.

```
1 పద్మావతి, సూపరింటెండింగ్ ఇంజనీర్
	1.1 మస్తాన్, డిప్యూటీ సూపరింటెండింగ్ ఇంజనీర్
	1.2 ఓబులేసు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, డివిజన్ 1
		1.2.1 హనుమంతు, డిప్యూటీ ఈఈ, సబ్ డివిజన్ 1
			1.2.1.1 లక్ష్మి, అసిస్టెంట్ ఇంజనీర్
			1.2.1.2 ఖాళీ, అసిస్టెంట్ ఇంజనీర్
		1.2.2 సరస్వతి, డిప్యూటీ ఈఈ, సబ్ డివిజన్ 2
			1.2.2.1 శివయ్య, అసిస్టెంట్ ఇంజనీర్
			1.2.2.2 చాంద్ బాషా, అసిస్టెంట్ ఇంజనీర్
	1.3 ఓబులేసు (అదనపు బాధ్యత), ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, డివిజన్ 2
		1.3.1 నాగరాజు, డిప్యూటీ ఈఈ, సబ్ డివిజన్ 3
			1.3.1.1 రాధ, అసిస్టెంట్ ఇంజనీర్
```

ఓబులేసు రెండుసార్లు రావడం పొరపాటు కాదు. ఆయన రెండు డివిజన్లు చూస్తున్నారు, బొమ్మలో రెండు గడులున్నాయి, జాబితాలో రెండు వరుసలుండాలి. ఒకసారి నేను ‘రిపీట్ అయింది’ అని ఒకటి తీసేసి, సబ్ డివిజన్ 3ను దిక్కులేకుండా చేశాను.

పంపే ముందు రెండు లెక్కలు చూస్తాను. గడులు ఎన్నో జాబితాలో వరుసలు అన్ని ఉండాలి, ఇక్కడ 12. పైగడికి తప్ప ప్రతి గడికీ పైకి ఒకటే గీత ఉంటుంది కాబట్టి పెన్సిల్‌తో నడిపినవి 11 ఉండాలి. వరుసలు తక్కువ వస్తే నేను ముందు చూసేది రంగు గడులే. పై అధికారి గడిని తరచూ ముదురు నీలంలో వేసి లోపల తెల్ల అక్షరాలు పెడతారు, టెసరాక్ట్ ఆ గడిని మొత్తంగా వదిలేసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. పెయింట్‌లో ఆ భాగం సెలెక్ట్ చేసి Invert color కొట్టి, తెలుపు మీద నలుపుగా మార్చి మళ్లీ చదివిస్తే వస్తుంది.

అక్షరాలు తప్పుగా రావడానికి ఎక్కువసార్లు కారణం వాట్సాప్. ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. చిన్న బొమ్మలో ‘పద్మావతి’ నాకు ‘వద్మావతి’గా వచ్చింది. హోదాలో తప్పు వస్తే మనకు తెలిసిపోతుంది, అవి ఎప్పుడూ వాడే మాటలే కదా. పేర్లలో తప్పు తెలియదు, కాబట్టి పేర్లను ఒక్కొక్కటిగా బొమ్మతో సరిచూస్తాను. గడి అంచు గీతకు అక్షరాలు మరీ దగ్గరగా ఉంటే ఆ గీత కూడా `|` గుర్తుగా మాటకు అంటుకుని వస్తుంది.

లోపలికి జరపడానికి ఖాళీలు కాకుండా ట్యాబ్ వాడుతున్నాను. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో Document Formatting కింద Line indentation దగ్గర Speech ఎంచుకుంటే, వరుస లోపలికి జరిగిన ప్రతిసారీ ఎన్ని ట్యాబ్‌లో చెబుతుంది. మొదట ఆన్ చేసి ఉండదు, మనమే పెట్టుకోవాలి. అన్నకు అయినా అంకెలే నచ్చాయి. జాబితా మధ్యలో ఎక్కడ ఆగినా 1.2.2 అని వినగానే ఏ డివిజన్‌లో ఉన్నారో తెలుస్తుందంటారు. ట్యాబ్‌లు నాకోసం, అంకెలు ఆయనకోసం ఉంచాను.

12 గడుల చార్ట్‌కైతే టెసరాక్ట్ అవసరం లేదని నా అభిప్రాయం, చూసి టైపు చేయడమే త్వరగా అవుతుంది. 40, 50 గడులు దాటినప్పుడు, ముఖ్యంగా పేర్లన్నీ కొత్తవైనప్పుడు అది నాకు గంట పైన మిగులుస్తుంది. గోడ మీది ఫ్లెక్సీని ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోకు మాత్రం వాడను. అందులో మాటల స్థానాలు వంగిపోయి, మధ్య బిందువుల లెక్క కుదరదు.

చుక్కల గీతలు ఉన్న చార్ట్‌లకు ఇంకా మంచి దారి దొరకలేదు. ఒకే మనిషి ఇద్దరికి రిపోర్ట్ చేస్తుంటే గీతలు గడుల కన్నా ఒకటి తక్కువ ఉండాలన్న లెక్క ఇక కుదరదు, అంతకన్నా ఎక్కువ గీతలు వస్తాయి. అప్పుడు నిండు గీత ఎటుంటే ఆ మనిషిని అక్కడ రాసి, అదే వరుస చివర ‘1.1 మస్తాన్‌కు కూడా’ అని చేరుస్తున్నాను.