సీలింగ్ ఫ్యాన్‌కి ట్రయాక్ డిమ్మరా, రిలేలా: ఏది మేలు?

ఫోన్ నుంచి ఫ్యాన్ స్పీడ్ మార్చడానికి ఈ రెండు దారుల్లో, ముందే చెప్పేస్తున్నా, నా ఓటు రిలేలకే. ఊరికే చెప్పడం లేదు, నల్లగొండలో మా డాబా మీద రూమ్‌లో రెండూ కట్టి చూశాను. మే నెలలో ఆ స్లాబు కింద ఫ్యాన్ పొద్దుగాల దాకా ఆగకుండా తిరగాల్సిందే, కాబట్టి ఏది ఎలా నడుస్తుందో బాగానే తెలిసింది.

మొదట ట్రయాక్ పెట్టాను, అంటే కరెంటు అలను కోసి తగ్గించే ఎలక్ట్రానిక్ స్విచ్. చిన్న బోర్డు, ఒక కంట్రోలర్, ఫోన్లో స్లైడర్, సున్నా నుంచి వంద దాకా ఎంతంటే అంత. అదే బోర్డుతో అంతకుముందు బల్బును మసకగా, వెలుగుగా మార్చి చూశాను, ముచ్చటగా పనిచేసింది. ఫ్యాన్‌కి తగిలించి స్లైడర్‌ను 40 దగ్గర పెట్టగానే కిందికి గుర్రుమనే శబ్దం. మా నాయిన లేచి కూర్చొని, "గిదేంది బిడ్డా, ఫ్యాన్ గుర్రుమంటుంది? పాత రెగ్యులేటరే మంచిగుండె గదా!" అన్నాడు. పది నిమిషాలయ్యాక ఆపి, స్టూల్ ఎక్కి మోటార్ మీద చేయి పెడితే కాలింది. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ అంత వేడెక్కడం ఏంటి?

అసలు సంగతి ఇది. మన కరెంటు సెకనుకు 50 అలలు, అంటే ప్రతి సగం అల 10 మిల్లీసెకన్లు. ట్రయాక్ ప్రతి సగంలోనూ కొంత సేపు ఆగి, తర్వాత గేటు తెరుస్తుంది. బల్బులో వోల్టేజీ వచ్చిన వెంటనే కరెంటు వస్తుంది, కాబట్టి గేటుకు చిన్న దెబ్బ కొడితే చాలు, ట్రయాక్ పట్టుకుంటుంది. ఫ్యాన్‌లో ఉన్నది తీగ చుట్ట, కరెంటు మెల్లగా పెరుగుతుంది. అది సరిపడా పెరిగేలోపే గేటు పల్స్ అయిపోతే ట్రయాక్ జారిపోతుంది. రెండు సగాల్లోనూ జారితే ఫ్యాన్ తిరగదు, అంతే. కానీ ఒక సగంలో పట్టి ఇంకో సగంలో జారితే అసలు తిప్పలు: ఫ్యాన్‌లోకి ఒకే వైపు కరెంటు, అంటే డీసీ పోతుంది. డీసీ మోటార్‌ను తిప్పదు, పైగా పట్టి ఆపుతుంది, వేడి మాత్రం దండిగా పుట్టిస్తుంది. నా ఫ్యాన్‌కి జరిగింది అదే.

కనిపెట్టడం కష్టం కాదు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి ఫ్యాన్ రెండు తీగల మధ్య చూడండి (600 వోల్టులకు పనికొచ్చే మంచి మీటర్ అయితేనే). దాదాపు సున్నా ఉండాలి. పదులలో వోల్టులు చూపిస్తే వెంటనే ఆపేయండి.

దీనికి మందు ఉంది, లేదని కాదు. గేటుకు ఒక్క చిన్న పల్స్ కాకుండా ఆ సగం అల చివరి దాకా సిగ్నల్ పట్టి ఉంచాలి. కంట్రోలర్ సిగ్నల్‌ను వెలుతురు ద్వారా గేటుకు అందించే ఆప్టోకప్లర్‌గా ఎంఓసీ3021 లాంటిది వాడాలి, ఎంఓసీ3041 కాదు, ఎందుకంటే అది సున్నా దాటేటప్పుడే తెరుస్తుంది, మధ్యలో తెరవమంటే వినదు. ట్రయాక్‌కి అడ్డంగా స్నబ్బర్, అంటే వరుసలో కట్టిన 100 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. ఇవన్నీ చేశాక వేడి తగ్గింది, గుర్రు మాత్రం పూర్తిగా పోలేదు. కోసిన అలతో తిరిగే మోటార్ కొంత మొత్తుకుంటూనే ఉంటుంది.

ఇంకో మాట, భద్రత వైపు నుంచి నాకు ఇదే ముఖ్యం. ఆ స్నబ్బర్ వల్ల ట్రయాక్ ఆఫ్‌లో ఉన్నా ఫ్యాన్ వైపు దాదాపు 7 మిల్లీ ఆంపియర్లు కారుతూనే ఉంటాయి. ఫోన్లో ఆఫ్ నొక్కి ఫ్యాన్ తీగ పట్టుకుంటే షాక్ కొడుతుంది. పాడైనప్పుడు కూడా ట్రయాక్ ఎక్కువగా షార్ట్ అయిపోతుంది, అంటే ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో ఉండిపోతుంది, యాప్‌లో ఎంత నొక్కినా ఆగదు. బీటీ136 లాంటి వాటిలో వెనకాల లోహపు రేకు కూడా లైవే, హీట్‌సింక్ మీద వేలు పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి. గోడ మీద స్విచ్ తీసేయకుండా ముందు వరుసలో ఉంచడం తప్పనిసరి.

ఇప్పుడు రిలేలు. ఇక్కడ అలను కోయడం ఉండదు. ఫేజ్ దారిలో కెపాసిటర్ పెడితే అది కొంత వోల్టేజీని తన దగ్గర ఆపుకుంటుంది, వేడెక్కదు, అల ఆకారం కూడా చెడదు. గోడ మీద ఉండే స్టెప్ రెగ్యులేటర్‌లో జరిగేది ఇదే, రిలే ఆ గుండీని తిప్పే చేయి మాత్రమే. నేను 2.2, 3.3 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు తీసుకున్నాను, ఏసీకి పనికొచ్చే 440 వోల్టుల రకం. 75 వాట్ల ఫ్యాన్‌ను దాదాపు 700 ఓములు అనుకుని లెక్క వేస్తే, 2.2తో ఫ్యాన్‌కి సుమారు 100 వోల్టులు, 3.3తో 135, రెండూ కలిపితే 175, నేరుగా ఇస్తే 230. మీ ఫ్యాన్‌లో కొంచెం అటూ ఇటూ అవుతుంది. మూడు రిలేలు, నాలుగు స్పీడులు. ఫ్యాన్‌ను 37 శాతంలో తిప్పాలని ఎవరికైనా ఎప్పుడైనా అనిపించిందా చెప్పండి.

కానీ రిలేలో కూడా ఒక గుంట ఉంది, నేను అందులో పడ్డాను. నిండిన కెపాసిటర్‌కి అడ్డంగా ఫుల్ స్పీడ్ రిలే పడితే, దాంట్లో ఉన్నదంతా ఒక్క క్షణంలో కాంటాక్టుల గుండా దూకుతుంది, కాంటాక్టులు అతుక్కుపోతాయి. గుర్తు ఏంటంటే, రిలే టక్కుమంటుంది కానీ ఫ్యాన్ స్పీడ్ తగ్గదు. అందుకే ప్రతి కెపాసిటర్‌కి వరుసలో 10 ఓములు 2 వాట్ల రెసిస్టర్ ఒకటి, అడ్డంగా 220 కిలో ఓములది ఒకటి పెట్టాలి. రెండోది ఆఫ్ చేశాక మిగిలిన చార్జీని కరిగించడానికి. అది లేకపోతే 3.3 కెపాసిటర్ దాదాపు 260 వోల్టులు పట్టుకుని కూర్చుంటుంది, బాక్స్ విప్పినవాడికి తెలుస్తుంది దాని సంగతి. ప్రోగ్రాంలో కూడా ముందు అన్నీ వదిలి, తర్వాతే కొత్తది పట్టాలి:

```
digitalWrite(R_A, OFF);
digitalWrite(R_B, OFF);
digitalWrite(R_FULL, OFF);
delay(300);
digitalWrite(next, ON);
```

రెండు కెపాసిటర్లు కలిసే స్పీడుకైతే చివర R_A, R_B రెండింటినీ ఆన్ చేయాలి. ఆ నీలం రిలే బోర్డులు చాలావరకు LOW ఇస్తేనే పడతాయి, అందుకే ON, OFF అంటే ఏవో మీ బోర్డును బట్టి పైన రాసుకోండి.

ఆగి ఉన్న ఫ్యాన్‌ను 100 వోల్టులతో మొదలుపెడితే ఒక్కోసారి కదలకుండా మూలుగుతుంది, మా దగ్గర సాయంత్రాలు లో వోల్టేజీ ఉన్నప్పుడు మరీను. అందుకని ఏ స్పీడ్ అడిగినా ముందు మూడు సెకన్లు ఫుల్, తర్వాత అడిగింది. ట్రయాక్‌కి కూడా ఇదే పనికొస్తుంది.

ట్రయాక్‌కి చోటు తక్కువ, టక్ టక్ శబ్దం లేదు, బల్బుకైతే నేను ఇప్పటికీ అదే వాడతాను. కెపాసిటర్ల బాక్స్ మాత్రం లావుగా వస్తుంది, మామూలు స్విచ్ బోర్డులో పట్టదు, నేను పక్కన వేరే డబ్బా బిగించాను. ఏది కట్టినా గోడ మీద పాత రెగ్యులేటర్ తీసేయండి, రెండూ వరుసలో ఉంటే ఏది ఏం చేస్తుందో అంతుపట్టదు. ఇక రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఈ రెండింటిలో ఏదీ పెట్టకండి, దాని లోపల సొంత సర్క్యూట్ ఉంటుంది, దానికి పూర్తి 230 ఇచ్చి వదిలేయాలి.

మా నాయిన ఇప్పుడు రెండో స్పీడ్‌లో పడుకుంటున్నాడు. రాత్రి టక్కుమన్నప్పుడు మాత్రం "ఎవడ్రా అది?" అంటాడు.